బాడుగ కాగితంలో మూడు షరతులు, ఒకే లెక్క

(నెల్లూరులో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీ యువకుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ చేతుల్లో ఒక జిరాక్సు కాగితం ఉంది కదా, అది అందరికీ అందిందో లేదో ఒకసారి చూసుకోండి. పేర్లు, ఇంటి నంబరు కొట్టేశాను. ఆత్మకూరు వైపు నుంచి వచ్చి పొగతోటలో ఒక ల్యాబులో ఉద్యోగానికి చేరిన అమ్మాయి, సంతకం పెట్టకముందే నా దగ్గరికి తెచ్చిన కాగితం అది. ఆ అమ్మాయి అనుమతితోనే మీకు చూపిస్తున్నాను. వేదాయపాళెంలో మొదటి అంతస్తులో ఒక పడకగది ఇల్లు. నెలకి తొమ్మిది వేలు బాడుగ. జూన్ ఒకటి నుంచి పదకొండు నెలలు.

ఈ రోజు మొత్తం కాగితం చదవను. అడ్వాన్సు, నోటీసు, జరిమానా, ఈ మూడు షరతులే చదువుదాం. ఈ మూడూ వేరువేరు పేజీల్లో, వేరువేరు నంబర్ల కింద ఉంటాయి కాబట్టి మనం విడివిడిగా చదువుతాం. ఒక్కొక్కటి చదివినప్పుడు ‘సరే, న్యాయంగానే ఉంది’ అనిపిస్తుంది. కానీ మీరు ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనరు ఈ మూడింటినీ కలిపే లెక్క కడతాడు. నోటీసు తక్కువైతే ఆ డబ్బు అడ్వాన్సులోంచే పోతుంది, జరిమానా కూడా అందులోంచే పోతుంది. అందుకని మనం కూడా సంతకానికి ముందే ఒక తేదీ అనుకుని, ఆ రోజు ఖాళీ చేస్తే చేతికి ఎంత వస్తుందో లెక్క కట్టి చూడాలి. నా దగ్గరికి ఎవరు కాగితం తెచ్చినా నేను మొదట చేసే పని అదే.

ముందు అడ్వాన్సు చదువుతాను, మీరూ కాగితంలో చూడండి. ‘రెండవ పార్టీ వారు అడ్వాన్సు క్రింద 27,000 రూపాయలు చెల్లించినారు. సదరు మొత్తమునకు వడ్డీ లేదు. ఇల్లు ఖాళీ చేసి స్వాధీనపరచిన పిమ్మట బాకీలు, మరమ్మతు ఖర్చులు, రంగుల నిమిత్తము ఒక నెల బాడుగ మినహాయించుకొని మిగిలినది తిరిగి ఇవ్వగలరు.’

మొదటి పార్టీ అంటే ఓనరు, రెండవ పార్టీ అంటే మీరు. ఇరవై ఏడు వేలంటే మూడు నెలల బాడుగ. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికి రెండు నెలల బాడుగకి మించి డిపాజిట్ తీసుకోకూడదంటుంది. అది నమూనా మాత్రమే, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకి పోలేం. కానీ ‘సార్, రెండు నెలలు చాలు కదా’ అని అడిగేటప్పుడు ఆసరాగా ఉంటుంది.

ఇక్కడ నన్ను ఎక్కువ కలవరపెట్టింది మొత్తం కాదు. ‘తిరిగి ఇవ్వగలరు’ అన్నారు, ఎప్పటిలోపో లేదు. తాళాలు ఇచ్చిన రోజా, కొత్తవాళ్ళు దిగి అడ్వాన్సు ఇచ్చాకా, ఓనరు గారి అబ్బాయి ఊరి నుంచి వచ్చాకా? నా అనుభవంలో అడ్వాన్సు గొడవల్లో ఎక్కువ భాగం ‘ఇవ్వను’ అన్నవి కావు. ‘ఇస్తాలే’ అని నెలల తరబడి తిప్పినవి. కాబట్టి ఆ వాక్యం చివర ‘తాళాలు అప్పగించిన ఏడు రోజులలోపు’ అని ఒక్క మాట చేర్పించుకోండి.

రెండోది ‘మరమ్మతు ఖర్చులు’. ఏ మరమ్మతు? ఆస్తి బదిలీ చట్టం 1882లోది. అందులో 108వ సెక్షను, ఇల్లు తీసుకున్నప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే తిరిగి అప్పగించాలంటుంది. అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదలని, మనుషుల చేతిలో లేని కారణాలతో జరిగిన నష్టాన్ని మినహాయించింది. మన ఊళ్ళో దీని అర్థం చాలా స్పష్టం. బోరు నీళ్ళ ఉప్పుకి కుళాయిలు తెల్లగా పట్టేసి బిగుసుకుపోవడం అరుగుదల. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే గోడలకి చెమ్మెక్కి రంగు పొరలు లేస్తాయి, అదీ మీ తప్పు కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అట్లాంటి నష్టం బాడుగకున్నవాళ్ళ లెక్కలోకి రాదు. మీరు మేకు కొట్టి టైలు పగలగొట్టారు, సింకు మీద బరువేసి విరగ్గొట్టారు, అవి మీ లెక్క. కాగితంలో ‘మామూలు వాడకపు అరుగుదల పోను, బిల్లు చూపిన మరమ్మతులు మాత్రమే’ అని ఉంటే చాలు.

దీనికి తోడు, దిగిన రోజే ఫోనుతో ఇల్లంతా వీడియో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. గోడల మరకలు, పగుళ్ళు, ఫ్యాన్లు, గీజరు, బాత్రూమ్ తలుపు అడుగు భాగం. కరెంటు మీటరు అంకె కనబడేట్టు ఒక ఫోటో. వాళ్ళు జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ తేదీన పంపినట్టు ఉంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్తాను. అడ్వాన్సు నగదుగా ఇవ్వకండి. ఖాతా నుంచి పంపి ‘ఇంటి అడ్వాన్సు’ అని రాయండి. ఎవరికి పంపుతున్నారో చూసుకోండి. ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో, కాగితంలో మొదటి పార్టీ ఎవరో, డబ్బు పోతున్న ఖాతా ఎవరిదో, ఈ మూడూ ఒకటే మనిషి కావాలి. కాకపోతే కారణం అడగండి. ఇచ్చినవాళ్ళని కాకుండా వేరేవాళ్ళని తిరిగి అడగాల్సి వస్తే చాలా కష్టం.

ఇక నోటీసు. ‘రెండవ పార్టీ వారు ఇల్లు ఖాళీ చేయదలచిన యెడల రెండు నెలల ముందు లిఖితపూర్వకముగా నోటీసు ఇవ్వవలెను. నోటీసు కాలము తరువాతి నెల మొదటి తేదీ నుండి లెక్కించబడును. మొదటి పార్టీ వారు కోరిన యెడల రెండవ పార్టీ వారు ఒక నెలలో ఖాళీ చేయవలెను.’

మీరు పోవాలంటే రెండు నెలలు, ఆయన పొమ్మంటే ఒక నెల. నోటీసు ఇద్దరికీ ఒకటే ఉండాలని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. కాగితంలో నోటీసు గురించి ఏమీ రాసుకోకపోతే ఎంత అని కొందరికి అనుమానం రావచ్చు. అప్పుడు అదే ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షను వర్తిస్తుంది. నెలవారీ బాడుగ ఇంటికి ఏ వైపు నుంచైనా పదిహేను రోజుల నోటీసు, అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాగితంలో వేరే గడువు రాసుకుంటే ఆ గడువే నడుస్తుంది. కాబట్టి రెండు నెలలని రాసుకుని, తర్వాత ‘చట్టంలో పదిహేను రోజులే కదా’ అంటే కుదరదు.

రెండో వాక్యం మీద వేలు పెట్టండి. ‘తరువాతి నెల మొదటి తేదీ నుండి.’ చిన్న వాక్యమే కానీ అది నోటీసుని పొడిగిస్తుంది. మీరు రెండో తేదీన నోటీసు ఇస్తే ఆ నెలలో మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ లెక్కలోకి రావు. రెండు నెలల నోటీసు దాదాపు మూడు నెలలవుతుంది. నోటీసు అందిన రోజు నుంచే లెక్క మొదలవ్వాలి.

మూడోది ‘లిఖితపూర్వకముగా’. ఫోన్లో చెప్పడం, మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు చెప్పడం ఇందులోకి రావు. వాట్సాప్ సరిపోతుందా అని రోజూ అడుగుతారు. సరిపోతుందో లేదో తర్వాత వాదించుకునే బదులు, ‘ఈ నంబర్ల మధ్య వాట్సాప్ ద్వారా ఇచ్చిన నోటీసు చెల్లుతుంది’ అని ఇద్దరి నంబర్లూ కాగితంలోనే రాసుకోండి. అది లేకపోతే ఉత్తరం రాసి సంతకం పెట్టి, చేతికిచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. లేదంటే పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి.

జరిమానాలు ఈ కాగితంలో మూడు ఉన్నాయి. మొదటిది: ‘బాడుగ ఐదవ తేదీ దాటిన యెడల రోజుకు 100 రూపాయలు.’ ఆ అమ్మాయికి జీతం ఏడో తేదీన పడుతుంది. అంటే తప్పేమీ లేకుండానే నెలనెలా రెండు వందలు, పదకొండు నెలలకి రెండు వేల రెండు వందలు. దీనికి వాదన అక్కర్లేదు. ఐదుని పది చేయించుకుంటే అయిపోయింది, ఓనరు వెంటనే ఒప్పుకున్నాడు.

రెండోది: ‘ఆరు నెలల లోపు ఖాళీ చేసిన యెడల మిగిలిన నెలల బాడుగ చెల్లించవలెను.’ దీన్ని లాక్-ఇన్ అంటారు. మూడోది, గడువు అయ్యాక ఖాళీ చేయకపోతే రోజుకి వెయ్యి. మీ బాడుగని ముప్ఫైతో భాగిస్తే రోజుకి మూడు వందలు. వెయ్యంటే మూడింతలకి పైనే. ఈ మూడోదాన్ని ఎక్కువ సాగదీయను. గడువు దాటాక ఓనరు మామూలుగా బాడుగ తీసుకుంటూ ఉంటే అది నెలవారీ బాడుగగా సాగుతున్నట్టే. కాకపోతే ‘ఖాళీ చేయమని రాతపూర్వకంగా అడిగిన తర్వాత’ అన్న మాట చేర్చుకోవాలి, రోజుకి ఆరు వందలకి తగ్గించుకోవాలి.

ఇప్పుడు లెక్క. పెన్ను ఉన్నవాళ్ళు కాగితం వెనక రాసుకోండి. ఈ అమ్మాయి జూన్ ఒకటిన దిగింది అనుకుందాం. అక్టోబరు పదో తేదీన చెన్నైలో మంచి ఉద్యోగం వచ్చిందని తెలిసింది, ఆ రోజే నోటీసు ఇచ్చింది. నవంబరు మూడున చేరాలి. అక్టోబరు ముప్ఫై ఒకటిన తాళాలు ఇచ్చేస్తుంది. ఐదు నెలలు ఉంది, బాడుగంతా కట్టింది, ఏమీ పగలగొట్టలేదు.

కాగితంలో ఉన్నది ఉన్నట్టు కడదాం. నోటీసు నవంబరు ఒకటి నుంచి మొదలవుతుంది, డిసెంబరు ముప్ఫై ఒకటికి అవుతుంది. రెండు నెలల బాడుగ 18,000. లాక్-ఇన్ ఆరు నెలలు నవంబరు ముప్ఫైకి పూర్తవుతాయి, ఇంకో నెల మిగిలింది. 9,000. రంగులకి ఒక నెల, మరో 9,000. చివరి కరెంటు బిల్లు 650 అనుకుందాం. మొత్తం 36,650. అడ్వాన్సు 27,000. అంటే అడ్వాన్సు పూర్తిగా పోయి, ఆ అమ్మాయే ఇంకా 9,650 ఎదురు ఇవ్వాలి.

ఈ లెక్కలో ఒక అన్యాయం దాగి ఉంది, ఎవరికైనా కనబడిందా?

(సభలోంచి ఒక అమ్మాయి: నవంబరు రెండుసార్లు వచ్చింది సార్.)

అదేనమ్మా. నోటీసు కింద నవంబరు బాడుగ తీసుకున్నారు, లాక్-ఇన్ కింద మళ్ళీ అదే నవంబరు బాడుగ తీసుకున్నారు. ఒకే నెలకి రెండు బాడుగలు. నవంబరు ఐదుకి కొత్తవాళ్ళు దిగితే అదే నెలకి మూడో బాడుగ కూడా వస్తుంది. ఏ షరతునీ విడిగా చదివితే ఇది కనబడదు. ఓనరు కావాలని పెట్టాడని కూడా నేను అనను. చాలాసార్లు కాగితం రాసేవాళ్ళ దగ్గర పాత నమూనాలు ఉంటాయి. ఒకదాంట్లోంచి లాక్-ఇన్, ఇంకోదాంట్లోంచి నోటీసు తెచ్చి అతికిస్తారు. అవి ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని ఎవరూ లెక్క కట్టి చూడరు.

ఆ ఓనరుతో నేను మాట్లాడాను. ఆయనకీ ఒక బాధ ఉంది. అంతకుముందు ఉన్న కుటుంబం చెప్పకుండా రాత్రికి రాత్రి సామాను ఎత్తేసి పోయిందట. మూడు నెలల కరెంటు బిల్లు ఆయన నెత్తిన పడిందట. ఆయనకి కావాల్సింది ముందుగా తెలియడం, బిల్లులు కట్టి ఉండటం, కనీసం కొన్ని నెలలు ఇల్లు నిండి ఉండటం. వాటికి మనం అడ్డు చెప్పలేదు. అంతకుమించి కాగితంలో ఉన్న వాటి మీదే మాట్లాడాం.

చివరికి ఇట్లా కుదిరింది. నోటీసు ఇద్దరికీ ఒక నెల, అందిన రోజు నుంచి లెక్క. తక్కువైన రోజులకి రోజు లెక్కన బాడుగ. కొత్తవాళ్ళు దిగితే ఆ రోజు నుంచి పాతవాళ్ళ దగ్గర బాడుగ లేదు. లాక్-ఇన్ తీసేయడానికి ఆయన ఒప్పుకోలేదు, నాలుగు నెలలకి తగ్గించాడు. ‘ఒకే కాలానికి నోటీసు బాడుగ, లాక్-ఇన్ బాడుగ రెండూ వసూలు చేయరాదు’ అన్న వాక్యం చేరింది. రంగుల ఖర్చు పూర్తిగా వదలమన్నాం, ఆయన వదల్లేదు. బిల్లు చూపించి, 4,500కి మించకుండా అన్న దగ్గర ఆగాం. అడ్వాన్సు మూడు నెలలే ఉంచాడు, తిరిగి ఇవ్వడం ఏడు రోజుల్లో.

మళ్ళీ అదే తేదీలతో కట్టండి. అక్టోబరు పదిన నోటీసు అందింది, నవంబరు తొమ్మిదికి నెల అవుతుంది. తక్కువైంది తొమ్మిది రోజులు. రోజుకి మూడు వందల చొప్పున 2,700. లాక్-ఇన్ నాలుగు నెలలు సెప్టెంబరుతో అయిపోయాయి, దాని కింద ఏమీ లేదు. రంగులకి ఎక్కువలో ఎక్కువ 4,500. కరెంటు 650. మొత్తం 7,850. చేతికి 19,150 వస్తాయి. మొదటి లెక్కలో ఎదురు 9,650 ఇవ్వాలి. అదే ఇల్లు, అదే బాడుగ, అదే తేదీ. కాగితంలో ఐదారు వాక్యాలు మారితే తేడా 28,800. ఆ అమ్మాయి జీతంతో చూస్తే అది చిన్న మొత్తం కాదు.

మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. అంత అన్యాయమైన జరిమానా చట్టం ముందు నిలబడుతుందా అని. పూర్తిగా నిలబడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షను ఉంది. ఒప్పందంలో జరిమానాగా ఎంత రాసుకున్నా, ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారం ఎంతో అంతే వస్తుంది. ముందే ఇచ్చిన డిపాజిట్‌ని జప్తు చేసుకోవడానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1963లో ఫతే చంద్ కేసులో చెప్పింది. కాబట్టి ఒకే నెలకి రెండు బాడుగలు అన్నది కోర్టులో గట్టిగా ప్రశ్నించదగ్గ విషయం.

కానీ డబ్బు ఎవరి చేతిలో ఉంది? ఓనరు చేతిలో. ఆయన మినహాయించుకుంటే చాలు, కోర్టుకి పోవాల్సిన అవసరం ఆయనకి లేదు. పోవాల్సింది మీరు. చెన్నైలో కొత్త ఉద్యోగంలో ఉన్న అమ్మాయి తొమ్మిది వేల కోసం నెల్లూరు కోర్టు చుట్టూ వాయిదాలకి తిరగగలదా? అందుకనే నేను ఇంత పట్టుగా చెప్తున్నాను. ఈ విషయంలో చట్టం ఇచ్చే రక్షణ కంటే, సంతకానికి ముందు అరగంట కూర్చుని చేసే బేరమే మీకు ఎక్కువ ఉపయోగం.

రిజిస్ట్రేషన్ గురించి ఒక మాట. పదకొండు నెలలని రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. చాలా రాష్ట్రాల్లో ఏడాది మించని లీజుకి అది నిజం. మన రాష్ట్రంలో 1999 సవరణ తర్వాత, గడువు ఎంతైనా రాతపూర్వక లీజుని రిజిస్టర్ చేయాలనే ఉంది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టర్ కాని కాగితంలోని షరతులని కోర్టు సాక్ష్యంగా తీసుకోవడానికి ఇబ్బంది వస్తుంది. ఆ ఇబ్బంది ఇద్దరికీ ఉంటుంది, కానీ డబ్బు ఓనరు దగ్గర ఉంది కాబట్టి మీకే ఎక్కువ తగులుతుంది. అందుకే బ్యాంకు ద్వారా చెల్లింపులు, వాట్సాప్ సంభాషణ, వీడియో, మీటరు ఫోటో అంత ముఖ్యం. కాగితం పక్కకి పోయినా మీరు ఎంత ఇచ్చారో, ఎప్పుడు దిగారో అవి చెప్తాయి.

కరెంటు బిల్లులో ఒకటి గమనించండి. ఏసీడీ అని ఒక్కోసారి అదనంగా వస్తుంది. అది సర్వీసు మీద ఉండే డిపాజిట్. మీరు ఇల్లు వదిలినా అది ఓనరు సర్వీసు నంబరుతోనే ఉండిపోతుంది. కాబట్టి అది ఓనరు కట్టాలని కాగితంలో రాసుకోండి. వాడిన యూనిట్ల బిల్లు మీది.

(సభలోంచి ఒక అబ్బాయి: సార్, నేను దర్గామిట్టలో రూము తీసుకుని రెండు నెలలైంది. సంతకం పెట్టేశాను. ఇట్లాంటి కాగితమే. ఇప్పుడు చేసేదేమైనా ఉందా?)

ఉంది బాబూ. పాత కాగితం చించాల్సిన పని లేదు. ‘ఫలానా తేదీన రాసుకున్న ఒప్పందంలో ఈ షరతులని ఇట్లా మార్చుకున్నాం’ అని ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టి, ఇద్దరు సాక్షులతో పెట్టించి పాతదానికి జతచేయండి. ఓనరుని అడగడానికి మంచి సమయం మీరు ఖాళీ చేస్తానని చెప్పే రోజు కాదు. బాడుగ టైముకి కడుతూ, ఇంట్లో కుదురుగా ఉన్న ఈ నెలల్లోనే అడగాలి. మొత్తం మార్చమని అడిగితే భయపడతారు. రెండే అడుగు. నోటీసు అందిన రోజు నుంచి లెక్క, ఒకే నెలకి రెండు బాడుగలు లేకుండా ఒక వాక్యం. ఆయన సంతకం పెట్టనంటే, అదే విషయం వాట్సాప్‌లో మర్యాదగా రాసి అడుగు. ‘సరేలే’ అని ఒక్క జవాబు వచ్చినా దాచుకో. ఇంకోటి, నువ్వు దిగిన రోజు వీడియో తీయలేదు కదా? ఈ రోజు సాయంత్రం వెళ్ళి తీసి పంపేయి. రెండు నెలల తర్వాతదైనా, ఖాళీ చేసే రోజుకి అది పాతదే అవుతుంది.